జర్మన్ కంపెనీకి తొలి ఈమెయిల్: సంబోధన, మొదటి వాక్యం

తెలుగులో తొలిసారి ఎవరికైనా ఉత్తరం రాసేటప్పుడు మర్యాద భారమంతా 'గారు' అనే ఒక్క మాట మోస్తుంది. అది పేరు పక్కన నిలుస్తుంది, ఇంటిపేరు పక్కన నిలుస్తుంది, 'మేనేజరు గారు' అన్నట్టు హోదా పక్కన కూడా నిలుస్తుంది. ఎదుటివారు స్త్రీయో పురుషుడో తెలియకపోయినా పని జరిగిపోతుంది. జర్మన్‌లో ఇలాంటి వెసులుబాటు ఇచ్చే మాట లేదు. అక్కడ వ్యాపార ఈమెయిల్‌లో మొదటి పంక్తి రాయాలంటే మూడు సంగతులు ముందే తెలిసి ఉండాలి: అవతలి వ్యక్తి ఇంటిపేరు ఏమిటి, ఆ వ్యక్తి స్త్రీయా పురుషుడా, పేరుకు ముందు డాక్టరేట్ వంటి బిరుదు ఏదైనా ఉందా. తెలుగువారి జర్మన్ ఈమెయిళ్లలో దొర్లే తప్పులు చాలావరకు వ్యాకరణం రాకపోవడం వల్ల కాక, ఈ మూడింటిలో ఒకదాన్ని తెలుసుకోకుండానే రాయడం మొదలుపెట్టడం వల్ల వస్తాయి.

విషయం స్పష్టంగా కనబడాలంటే ఒక సందర్భాన్ని ఊహించుకోవడం మంచిది. హైదరాబాదు బాలానగర్‌లో డ్రాయింగు ప్రకారం స్టెయిన్‌లెస్ స్టీలు పైపు ఫిట్టింగులు తయారుచేసే ఒక చిన్న యూనిట్ ఉందనుకుందాం. అక్కడ అమ్మకాలు చూసే ఉద్యోగిని ఏప్రిల్‌లో జరిగిన హనోవర్ మెస్సె పారిశ్రామిక ప్రదర్శనకు వెళ్లి, ఒక జర్మన్ కంపెనీ కొనుగోలు విభాగం అధికారిణితో పది నిమిషాలు మాట్లాడింది. ఆ అధికారిణి తన కార్డు ఇచ్చి, ఒక భాగానికి ధర పంపమని అడిగింది. కార్డు మీద ఉన్న పేరు డాక్టర్ ఆన్యా ష్నైడర్ అనుకుందాం. ఊరికి తిరిగివచ్చాక రాయవలసిన ఈమెయిల్ ఇలా మొదలైందని భావిద్దాం:

```
Sehr geehrter Frau Anja,

Ich hoffe, diese E-Mail findet Sie gut.
```

ఈ రెండు పంక్తుల్లో ఐదు తప్పులున్నాయి. ఒక్కొక్కటీ వేరే కారణం వల్ల వచ్చినదే కాబట్టి వాటిని విడివిడిగా చూడాలి.

మొదటి తప్పు రెండో మాట చివర ఉంది. 'గెఏర్ట్' అంటే గౌరవింపబడిన అని అర్థం, 'జేర్' అంటే మిక్కిలి. ఈ రెండూ కలిసిన సంబోధనను తెలుగులో 'మిక్కిలి గౌరవనీయులైన' అనుకోవచ్చు. కానీ తెలుగు విశేషణం ఎవరి ముందు నిలిచినా రూపం మార్చుకోదు, జర్మన్ విశేషణం మార్చుకుంటుంది. సంబోధనలో పేరు ముందు ఆర్టికల్ ఏదీ ఉండదు కనుక, లింగాన్ని సూచించే పని విశేషణం చివరి అక్షరాల మీద పడుతుంది. పురుషుడికి రాస్తే చివర er వస్తుంది, స్త్రీకి రాస్తే e మాత్రమే వస్తుంది. పేరు తెలియని బహువచన సంబోధనలోనూ e యే వస్తుంది.

```
Sehr geehrter Herr Weber,
Sehr geehrte Frau Weber,
Sehr geehrte Damen und Herren,
```

ఒక్క r ఎక్కువైనా తక్కువైనా జర్మన్ పాఠకుడి కంటికి వెంటనే తగులుతుంది. దాన్ని అతను అక్షరదోషంగా చదవడు; 'శ్రీమతి సుబ్బారావు గారు' అని ఒక పురుషుడికి రాస్తే మనకు ఎలా ఉంటుందో అతనికి అలా ఉంటుంది. ఇక్కడే ఇంకో చిన్న చిక్కు ఉంది. పురుషుడి ఇంటిపేరు ముందు వచ్చే 'హెర్' అనే మాట వాక్యం మధ్యలో కొన్ని విభక్తుల్లో చివర n చేర్చుకుంటుంది. ఉదాహరణకు 'వేబర్ గారి నుంచి' అనాలంటే von Herrn Weber అని రాయాలి. పాఠ్యపుస్తకంలో ఈ రూపం చూసినవారు దాన్ని సంబోధనలోకి కూడా తెచ్చేస్తారు. సంబోధనలో మాత్రం n ఎప్పుడూ రాదు.

రెండో తప్పు ఆన్యా అన్న పేరు వాడడం. మనకు పిలుపుపేరుకు 'గారు' తగిలిస్తే అది పూర్తి మర్యాదే అవుతుంది. జర్మన్‌లో 'హెర్', 'ఫ్రౌ' అనే మాటలు ఇంటిపేరుకే కుదురుతాయి. పిలుపుపేరు స్నేహితుల మధ్య, 'డూ' అంటే 'నువ్వు' అని పిలుచుకునేవారి మధ్య నడుస్తుంది. ఫ్రౌ పక్కన పిలుపుపేరు పెడితే రెండు వేర్వేరు సంబంధాలను ఒకే పంక్తిలో కలిపినట్టవుతుంది. పెళ్లయిందా లేదా అన్న ప్రశ్న మాత్రం ఇక్కడ తలెత్తదు. మన 'కుమారి'కి సమానమైన 'ఫ్రాయ్‌లైన్' ఒకప్పుడు ఉండేది కాని, 1972లో పశ్చిమ జర్మనీ హోంశాఖ దాన్ని ప్రభుత్వ వ్యవహారంలో నిలిపివేసింది. ఈరోజు వయసుతో, పెళ్లితో నిమిత్తం లేకుండా వయోజనురాలైన ప్రతి స్త్రీకీ ఫ్రౌ అనే రాస్తారు. పాత నిఘంటువులు చూసి ఎవరైనా ఫ్రాయ్‌లైన్ అని రాస్తే అది మర్యాదగా కాక చిన్నచూపుగా ధ్వనిస్తుంది.

మూడోది, కార్డు మీద ఉన్న డాక్టర్ బిరుదు సంబోధనలో లేకపోవడం. జర్మనీలో డాక్టరేట్ చట్టరీత్యా పేరులో భాగం కాదు, అయినా పాస్‌పోర్టులోనూ గుర్తింపు కార్డులోనూ దాన్ని చేర్చుకోవచ్చు. ఆ సంగతే దానికున్న విలువను చెబుతుంది. ఇది వైద్యులకే పరిమితమైనది కాదు. రసాయన, ఇంజనీరింగ్, న్యాయ రంగాల కంపెనీల్లో డాక్టరేట్ ఉన్న అధికారులు తరచుగా తగులుతారు. రాసే పద్ధతి ఫ్రౌ తరువాత Dr. అని సంక్షిప్తంగా, ఆ తరువాత ఇంటిపేరు. కార్డు మీద Prof. Dr. అని రెండూ ఉంటే సంబోధనలో పెద్దదైన ప్రొఫెసర్ ఒక్కటే నిలుస్తుంది, దాన్ని పూర్తిగా విప్పి రాస్తారు. డిప్లొమా ఇంజనీరు, మాస్టర్స్ వంటి పట్టాలు జర్మనీలో సంబోధనలోకి రావు. ఆస్ట్రియాలో పద్ధతి వేరు. అక్కడ మాగిస్టర్, డిప్లొమా ఇంజనీరు పట్టాలను కూడా సంబోధనలో చేర్చే అలవాటు ఇప్పటికీ ఉంది, కాబట్టి వియన్నాకు రాసేవారు సంతకంలో కనిపించే పట్టాను వదిలేయకూడదు.

నాలుగో తప్పుకు తరచుగా ఫోనో కంప్యూటరో కారణమవుతుంది. జర్మన్‌లో సంబోధన కామాతో ముగుస్తుంది, ఒక పంక్తి ఖాళీ వదులుతారు, ఆ తరువాతి వాక్యం చిన్న అక్షరంతో మొదలవుతుంది. కామా తరువాత వాక్యం ఇంకా సాగుతున్నట్టే లెక్క. ఇంగ్లీషులో కామా ఉన్నా తరువాతి పంక్తి పెద్ద అక్షరంతోనే మొదలవుతుంది కనుక, కొత్త పంక్తి కనబడగానే కీబోర్డు తనంతట తానే ఆ అక్షరాన్ని పెద్దది చేసేస్తుంది. పంపే ముందు ఈ ఒక్క అక్షరాన్ని కంటితో చూసుకోవాలి. మొదటి మాట నామవాచకమైనా, 'మీరు' అనే అర్థమున్న Sie, Ihr వంటి మాటైనా అది సహజంగానే పెద్ద అక్షరంతో ఉంటుంది. పాత ఉత్తరాల్లో కామా బదులు ఆశ్చర్యార్థకం ఉండేది, అప్పుడు తరువాతి పంక్తి పెద్ద అక్షరంతో మొదలయ్యేది. ఇప్పుడు ఆ పద్ధతి పాతబడింది. స్విట్జర్లండ్‌లో మాత్రం సంబోధన తరువాత ఏ విరామచిహ్నమూ పెట్టకుండా, తరువాతి పంక్తిని పెద్ద అక్షరంతో మొదలుపెట్టడం వాడుక. జ్యూరిచ్ నుంచి వచ్చిన జవాబును నమూనాగా పెట్టుకుని మ్యూనిక్‌కు రాస్తే పొరపాటు చేసినట్టే అవుతుంది.

ఐదో తప్పు అన్నిటికంటే విచారించదగినది, ఎందుకంటే అది మంచి ఉద్దేశంతో చేసినది. 'ఈ ఉత్తరం అందేసరికి మీరు కుశలంగా ఉన్నారని తలుస్తాను' అనే ఇంగ్లీషు ఆనవాయితీని మాటకు మాట జర్మన్‌లోకి మారిస్తే పై వాక్యం వస్తుంది. కానీ జర్మన్‌లో ఒకరిని 'గుట్ ఫిండెన్' అంటే వారు నచ్చడం. కాబట్టి ఆ వాక్యం చదివినవారికి 'ఈ ఈమెయిల్‌కు మీరు నచ్చుతారని ఆశిస్తున్నాను' అనిపిస్తుంది. వ్యాకరణం సరిచేసి 'మీరు బాగున్నారని ఆశిస్తున్నాను' అని రాసినా, అపరిచితుల మధ్య తొలి ఈమెయిల్‌లో దానికి చోటు తక్కువ. పరిచయం ఏర్పడ్డాక క్షేమం అడగడం సహజమే. మొదటిసారి రాసేటప్పుడు జర్మన్ పాఠకుడు మొదటి వాక్యంలో వెతికేది రెండే: ఈ వ్యక్తి నన్ను ఎలా ఎరుగును, నా నుంచి ఏం కావాలి. ఆ రెంటికీ వెంటనే సమాధానం దొరకడమే అక్కడ మర్యాద. ఇది మనకు కాస్త పొడిగా అనిపిస్తుంది, కాని అది ఎదుటివారి సమయానికిచ్చే గౌరవమని అక్కడివారు భావిస్తారు.

ఆ మొదటి వాక్యానికి నిలిచిపోయిన కొన్ని మూసలున్నాయి, ఏది వాడాలన్నది పరిచయం ఎలా జరిగిందన్నదాన్ని బట్టి ఉంటుంది. ఎదురుగా మాట్లాడి ఉంటే లేదా ఫోనులో మాట్లాడి ఉంటే, తేదీతో సహా కృతజ్ఞత చెప్పడం ఉత్తమం. మధ్యవర్తి ఎవరైనా పేరు చెప్పి పంపితే, వివరాలు ఎవరి నుంచి అందాయో చెప్పాలి. ఏ పరిచయమూ లేకపోతే వారి వెబ్‌సైట్‌లో చూసిన ఫలానా విషయం వల్ల రాస్తున్నానని చెప్పాలి.

```
vielen Dank für das freundliche Gespräch am 23. April.
Ihre Kontaktdaten habe ich von Herrn Weber erhalten.
auf Ihrer Website habe ich gelesen, dass ...
```

రెండో మూసలో పేరు చెప్పే ముందు ఆ మధ్యవర్తి అనుమతి తీసుకోవడం అవసరం. ఆయనను ఆ కంపెనీవారు అదే రోజు ఫోను చేసి అడిగే అవకాశం ఉంది. 'నా పేరు ఫలానా' అని మొదలుపెట్టడం తప్పు కాదు, కాని పేరు కింద సంతకంలో ఎలాగూ ఉంటుంది కనుక, దానికంటే మీ కంపెనీ ఏమిటి, అందులో మీ పని ఏమిటి అన్నది ఒక వాక్యంలో చెబితే ఎక్కువ ఉపయోగం. 'హియర్‌మిట్' అంటే 'ఇందుమూలంగా' అని మొదలయ్యే వాక్యాలూ, 'బెట్సూగ్‌నేమెండ్' అంటే 'పురస్కరించుకొని' అనే తీరు వాక్యాలూ పాత ఉత్తరాల నమూనాల్లో విరివిగా కనిపిస్తాయి. అవి తప్పు కాదు, కాని మన సర్కారు కాగితాల తెలుగులాగే బిగుసుకుపోయి ఉంటాయి.

పరిచయం ఎలా జరిగిందో చెప్పడానికి మర్యాదతో పాటు చట్టం వైపు నుంచి కూడా కారణముంది. జర్మనీలో అనుచిత పోటీని నిరోధించే చట్టం, అంటే UWG, 7వ సెక్షన్ ప్రకారం ముందుగా స్పష్టమైన సమ్మతి లేకుండా ప్రకటనల ఈమెయిల్ పంపడం వేధింపు కిందకు వస్తుంది, అందుకున్నది ఒక కంపెనీ అయినా సరే. ఇప్పటికే కొన్నవారికి వర్తించే మినహాయింపు ఒకటి ఉంది కాని, దాని పరిధి ఇరుకైనది. మన ఊహలోని ఉద్యోగిని ధర పంపమని అడిగినందుకు రాస్తోంది కాబట్టి ఆమె ఈమెయిల్ ఒక అభ్యర్థనకు జవాబు. అదే ఆమె ప్రదర్శనలో పోగుచేసిన కార్డులన్నిటికీ ఒకే కేటలాగు పంపితే సంగతి మారిపోతుంది. కార్డు ఇచ్చినంత మాత్రాన ప్రకటనలకు సమ్మతి ఇచ్చినట్టు కాదు. 'మీరు అడిగిన ప్రకారం' అన్న మాట ఈమెయిల్‌కు చట్టబద్ధత తెచ్చిపెట్టదు, కాని నిజంగా అడిగి ఉంటే ఆ సంగతి మొదటి వాక్యంలోనే చదువరికి గుర్తుచేస్తుంది.

మన ఉద్యోగిని ఆ అధికారిణిని చూసింది, కార్డు తీసుకుంది, అందువల్ల మూడు వివరాలూ ఆమె చేతిలోనే ఉన్నాయి. ముఖం చూడకుండా రాసేవారికి అవి ఎక్కడ దొరుకుతాయన్నది తరువాతి ప్రశ్న. జర్మన్ వ్యాపార వెబ్‌సైట్ల అడుగున 'ఇంప్రెస్సుమ్' అనే పేజీ ఉంటుంది. దాన్ని చట్టమే తప్పనిసరి చేసింది. 2024 మే నుంచి ఆ నియమం డిజిటల్ సేవల చట్టం 5వ సెక్షన్‌లో ఉంది. కంపెనీకి ప్రాతినిధ్యం వహించే డైరెక్టర్ల పేర్లు అక్కడ కనిపిస్తాయి. ఆ కంపెనీ నుంచి ఇదివరకు ఎవరికైనా ఈమెయిల్ వచ్చి ఉంటే దాని అడుగు భాగం కూడా పనికొస్తుంది. విభాగం అధికారి పేరే కావాలంటే కంపెనీ ముఖ్య నంబరుకు ఫోను చేసి, కొనుగోలు విభాగంలో ఎవరికి రాయాలని అడగడం అక్కడ మామూలు విషయం. పేరు అక్షరాలు కూడా అప్పుడే చెప్పించుకోవాలి: మేయర్ అన్న ఒకే ఉచ్చారణకు Meyer, Meier, Maier, Mayer అని నాలుగు రాతలున్నాయి.

పేరు చూసి స్త్రీయో పురుషుడో ఊహించడం ప్రమాదకరం. కార్‌స్టెన్ పురుషుడు, కిర్‌స్టెన్ సాధారణంగా స్త్రీ. హైకె స్త్రీ, హైకో పురుషుడు, కాని అదే e తో ముగిసే ఊవె పురుషుడు. ఆండ్రెయా జర్మనీలో స్త్రీ పేరు, ఇటలీ మూలాలున్న కుటుంబంలో పురుషుడి పేరు. కిమ్, రాబిన్, సాషా లాంటివి ఎవరికైనా ఉండవచ్చు. ఎంత వెతికినా తేలనప్పుడు, లేదా ఆ వ్యక్తి హెర్ అనీ ఫ్రౌ అనీ పిలిపించుకోవడం లేదని తెలిసినప్పుడు, పిలుపుపేరు, ఇంటిపేరు రెండూ రాసి ముందు 'నమస్కారం' లాంటి 'గూటెన్ టాగ్' పెట్టడం ఇప్పుడు వ్యాపార ఈమెయిళ్లలో చెల్లుతోంది. 2018 చివర జర్మన్ పౌర నమోదులో స్త్రీ, పురుష కాక మూడో వర్గం చేరినప్పటి నుంచి ఈ రూపం ఇంకా ఎక్కువగా కనబడుతోంది.

```
Guten Tag Kim Lehmann,
```

తప్పు ఊహతో హెర్ అని రాయడం కంటే ఇది ఎంతో నయం. పేరే తెలియనప్పుడు 'డామెన్ ఉంట్ హెరెన్' సంబోధన సరైనదే, కాని పేరు వెబ్‌సైట్‌లో స్పష్టంగా ఉన్నప్పుడు కూడా ఈ సంబోధనే వాడితే చదివేవారికి 'వెతకలేదు' అనే అర్థమవుతుంది. ఇద్దరికి కలిపి రాసేటప్పుడు ఇద్దరినీ వేర్వేరుగా సంబోధించాలి, రెండో సంబోధన కామా తరువాత వస్తుంది కనుక అది చిన్న అక్షరంతో మొదలవుతుంది.

సంబోధన దాటాక గమనించవలసిన అక్షరం ఇంకొకటి ఉంది. జర్మన్‌లో గౌరవ వాచకమైన 'జీ' నిజానికి 'వారు' అనే మాటే. పెద్ద అక్షరంతో రాస్తే 'మీరు' అవుతుంది. అందువల్ల Ihnen అంటే 'మీకు', ihnen అంటే 'వారికి'. 'నేను డ్రాయింగు మీకు పంపుతున్నాను' అనబోయి చిన్న అక్షరం వాడితే 'వారికి పంపుతున్నాను' అని రాసినట్టవుతుంది. ఎవరికి అని చదివేవారు ఒక క్షణం ఆగిపోతారు. ఏదైనా అడిగేటప్పుడు 'క్యొనెన్' రూపం కన్నా 'క్యొన్‌టెన్' రూపం మెత్తగా ఉంటుంది. తెలుగులో 'పంపగలరా' అన్నదానికీ 'వీలుంటే పంపగలరా' అన్నదానికీ ఉన్నంత తేడా ఇది.

ఇవన్నీ సరిచేసుకున్నాక మన ఉద్యోగిని ఈమెయిల్ ఇలా మొదలవుతుంది. మొదటి పంక్తి విషయం గడిలో రాయవలసినది.

```
Angebot: Edelstahl-Fittings, 2.000 Stück

Sehr geehrte Frau Dr. Schneider,

vielen Dank für das freundliche Gespräch
am 23. April auf der Hannover Messe.
Wie besprochen sende ich Ihnen heute
unser Angebot. Könnten Sie mir bitte
die aktuelle Zeichnung zusenden?
```

విషయం గడిలో 'నమస్కారం', 'ఒక అవకాశం' లాంటి మాటలు కాక, ఏ వస్తువు, ఎన్ని అన్నది ఉంది. రెండు వేలను 2.000 అని చుక్కతో రాయడం గమనించాలి. జర్మన్‌లో వేలను విడదీసేది చుక్క, దశాంశాన్ని సూచించేది కామా. మనం అలవాటుగా కామా పెడితే రెండు వేల ముక్కలు రెండుగా చదువుకునే వీలుంది. కృతజ్ఞత మొదట వచ్చింది, దానితోనే పరిచయం ఎక్కడిదో తెలిసింది. రెండో వాక్యం పనిలోకి దిగింది. తన కంపెనీ గొప్పతనం గురించిన వాక్యం లేదు. అది జోడించిన పత్రంలో ఉంటుంది.

జర్మన్‌లో ఇంతవరకే రాయగలిగి, మిగతాది ఇంగ్లీషులో రాయాలనుకునేవారు ఆ సంగతి ఒక వాక్యంలో చెప్పి భాష మార్చవచ్చు. మొదటి నుంచీ ఇంగ్లీషే వాడినా తొలిసారి పిలుపుపేరుతో కాక బిరుదుతో, ఇంటిపేరుతో సంబోధించడమే క్షేమం. అవతలివారు ఇంగ్లీషు ఈమెయిల్‌లో పిలుపుపేరు వాడినా, జర్మన్‌లోకి మారగానే మళ్లీ 'జీ'కి తిరిగివస్తారు. 'డూ'కు దిగే ప్రతిపాదన హోదాలో లేదా వయసులో పెద్దవారు చేయవలసినది. వస్తువు అమ్మేవారు కొనేవారికి ఆ ప్రతిపాదన చేయరు.

చివరగా సంతకం. 'మిట్ ఫ్రాయ్ండ్‌లిషెన్ గ్రూసెన్' అనే ముగింపు పంక్తి తరువాత కామా రాదు. దాని కింద రాసే పేరు తెలుగువారి విషయంలో తరచుగా జర్మన్ పాఠకుడిని చిక్కులో పెడుతుంది. మన పేర్లలో ఇంటిపేరు ముందుండి, పైగా ఒక్క అక్షరంగా కుంచించుకుపోతుంది. 'కె. లక్ష్మి' అన్న సంతకం చూసిన జర్మన్ అధికారిణికి కె. పిలుపుపేరు, లక్ష్మి ఇంటిపేరు అనిపిస్తుంది. స్త్రీయో పురుషుడో తెలిసే మార్గం ఉండదు. అంటే మనకు ఆమె విషయంలో ఎదురైన ప్రశ్నలే ఆమెకు మన విషయంలో ఎదురవుతాయి. పిలుపుపేరు ముందు, ఇంటిపేరు పూర్తిగా విప్పి తరువాత రాసి, పక్కన ఫ్రౌ లేదా హెర్ అని బ్రాకెట్లో చేర్చడం అంగీకృతమైన పద్ధతి.

```
Mit freundlichen Grüßen
Lakshmi Konda (Frau)
```

ఇలా రాస్తే జవాబు మొదటి పంక్తిలో ఆ ఉద్యోగినికి తన ఇంటిపేరే, సరైన విశేషణ రూపంతో కనబడుతుంది. ఆ జవాబు 'గూటెన్ టాగ్, ఫ్రౌ కొండా' అనో, కొన్నాళ్లకు 'ప్రియమైన' అనే అర్థంతో 'లీబె ఫ్రౌ కొండా' అనో మొదలైతే, అవతలివారు ఒక మెట్టు దగ్గరయ్యారని అర్థం, తరువాతి ఈమెయిల్‌లో ఆమె కూడా అదే మెట్టు మీద నిలిచి రాయవచ్చు. అలాంటి మార్పు కనబడేవరకు 'జేర్ గెఏర్టె' వాడుతూ ఉండడంలో ఏ తప్పూ లేదు.